'చెరి సగం' అన్నమాటలో రెండు లెక్కలు

"పెళ్ళయ్యాక ఇంటి ఖర్చు చెరి సగం పెట్టుకుందాం." పెళ్ళి కుదిరిన ఇద్దరిలో అతను అన్నాడీ మాట. ఎవరి మీదా ఎక్కువ భారం పడకూడదని అతని ఉద్దేశం. ఆమె చెవికి మాత్రం వేరేగా వినపడింది: "అప్పుడే నీది నీది, నాది నాది అంటున్నాడా?" అతను చెప్పింది కూడికల లెక్క. ఆమె విన్నది మనసు లెక్క. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ తప్పుగానూ వినలేదు.

పెళ్ళికి సిద్ధమవుతున్న జంటల కోసం వచ్చిన పుస్తకాలు సరిగ్గా ఈ చోటే రెండుగా చీలిపోతాయి. ఎలా మాట్లాడుకోవాలో చెప్పేవి ఒక అరలో ఉంటాయి. డబ్బు ఎలా సర్దుకోవాలో చెప్పేవి ఇంకో అరలో. మొదటి అరలోని పుస్తకం డబ్బు దగ్గరికి రాగానే నాలుగు పేజీల్లో ముగించేస్తుంది. రెండో అరలోది పొదుపు, అప్పు, బీమా అన్నీ విడమరిచి చెప్పి, "ముందు ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోండి" అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోతుంది. ఆ విప్పడం ఎలాగో తెలిస్తే ఆ పుస్తకం కొనాల్సిన అవసరమే ఉండేది కాదేమో. ఏదో ఒక అర నుంచి ఒక్క పుస్తకం తెచ్చుకుంటే సగమే చేతికొస్తుంది. రెండు అరల నుంచి ఒక్కోటి తెచ్చుకుని, కొన్ని అధ్యాయాలే చదివి, ఒకే ఒక్క నిర్ణయం మీద వాటిని పరీక్షించి చూడటం మేలు. 'చెరి సగం' అనే నిర్ణయాన్నే తీసుకుందాం.

డబ్బు గొడవకీ మిగతా గొడవలకీ తేడా ఏమిటో ముందు చూడాలి. 2009లో పాప్, కమింగ్స్, గోకీ-మోరీ అనే ముగ్గురు పరిశోధకులు భార్యాభర్తల చేత ఇంట్లోనే, విడివిడిగా, రోజువారీ డైరీలు రాయించారు. ఏ విషయం మీద మాట పెరిగిందో, అది ఎలా ముగిసిందో రాయడం వాళ్ళ పని. అందరూ అనుకునేట్టు డబ్బు అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన విషయమేమీ కాదని అందులో తేలింది. కానీ వచ్చినప్పుడు మాత్రం మిగతావాటికన్నా తీవ్రంగా ఉంది, మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చింది, పరిష్కరించాలని ప్రయత్నించినా తెగకుండా మిగిలింది. అంటే చిక్కు గొడవల సంఖ్యలో లేదు, అవి తెమలకపోవడంలో ఉంది.

మాటల అరలో బాగా పేరున్నది జాన్ గాట్‌మన్, నాన్ సిల్వర్ రాసిన 'ది సెవెన్ ప్రిన్సిపుల్స్ ఫర్ మేకింగ్ మ్యారేజ్ వర్క్' (1999). గాట్‌మన్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జంటలను కూర్చోబెట్టి, వాళ్ళు వాదించుకుంటుండగా వీడియో తీసి, గుండె వేగం కొలిచి ఏళ్ళ తరబడి గమనించిన మనిషి. కాపురాన్ని తినేసే నాలుగు అలవాట్లను ఆయన గుర్తించాడు. పనిని కాకుండా మనిషినే నిందించడం, ఈసడింపు, ప్రతిదానికీ ఎదురు సంజాయిషీ, ముభావంగా బిగుసుకుపోవడం. ఈ నాలుగింట్లో ఈసడింపే అన్నిటికన్నా చేటు అంటాడు.

పెళ్ళికి ముందున్న జంటకి ఆ పుస్తకంలో నిజంగా పనికొచ్చే భాగం మాట ఎత్తుకునే తీరు గురించినది. కరుకుగా మొదలైన సంభాషణ కరుకుగానే ముగుస్తుందని ఆయన అనుభవం. "నీకు డబ్బు విలువ తెలీదు" అంటే అది మనిషి మీద తీర్పు. "ఈ నెల కార్డు బిల్లు చూస్తే గుబులేసింది, ఒకసారి కలిసి చూద్దామా?" అంటే అది ఒక సంగతి, ఒక భయం, ఒక కోరిక. రెండో వాక్యం మెత్తగా ఉన్నందువల్ల పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అవతలివాళ్ళు చేయగలిగిన పని ఒకటి అందులో ఉంది కాబట్టి పనిచేస్తుంది. మొదటి వాక్యానికి జవాబుగా చేయగలిగింది తిరిగి దెబ్బ కొట్టడమే.

అదే పుస్తకంలో ఇంకో గట్టి మాట ఉంది. భార్యాభర్తల మధ్య విభేదాల్లో 69 శాతం ఎప్పటికీ తీరనివట. ఇద్దరి స్వభావాల్లోని తేడా నుంచి పుట్టి, ఏళ్ళు గడిచినా అలాగే ఉండేవి. ఆ సంఖ్యను శిలాశాసనంలా పట్టుకోనక్కర్లేదు గానీ, డబ్బు విషయంలో ఆ విభజన బాగా పనికొస్తుంది. ఇంటి అద్దె ఎవరి ఖాతా నుంచి కట్టాలన్నది తీరే సమస్య. ఒకరికి చేతిలో నిల్వ లేకపోతే నిద్ర పట్టదు, ఇంకొకరికి డబ్బు దాచుకోవడమే ఊపిరాడనట్టుంటుంది. ఇది తీరే సమస్య కాదు. రెండోదాన్ని మొదటిదానిలా పరిష్కరించబోతేనే డైరీల్లో కనిపించిన ఆ తెగని గొడవ పుడుతుంది.

హోవర్డ్ మార్క్‌మన్, స్కాట్ స్టాన్లీ, సూసన్ బ్లూంబర్గ్ కలిసి రాసిన 'ఫైటింగ్ ఫర్ యువర్ మ్యారేజ్' (1994) ఇంకో దారి పట్టింది. పెళ్ళికి ముందు జంటలకు శిక్షణ ఇచ్చే 'ప్రెప్' అనే కార్యక్రమం నుంచి పుట్టిన పుస్తకం ఇది. అందులో వక్త-శ్రోత పద్ధతి ఒకటుంది. ఏదైనా ఒక వస్తువు, పెన్నో కార్డు ముక్కో, చేతిలో ఉన్నవాళ్ళకే మాట్లాడే హక్కు. వాళ్ళు తమ సంగతే చెప్పాలి, అవతలి మనిషి మనసులో ఏముందో చెప్పకూడదు, రెండు మూడు వాక్యాల దగ్గర ఆగాలి. వినేవాళ్ళు విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి, అంతే. ఖండించకూడదు, సలహా ఇవ్వకూడదు. తర్వాత పెన్ను చేతులు మారుతుంది. ఇదంతా అయ్యేదాకా పరిష్కారం ఊసెత్తకూడదన్నది అసలు నియమం. చాలా జంటలు తప్పేది కూడా సరిగ్గా దీన్నే.

ఈ రెండు పుస్తకాలకీ మధ్య పెద్ద తగవే ఉంది. 1998లో గాట్‌మన్ బృందం కొత్త దంపతుల మీద చేసిన అధ్యయనంలో, విన్నదాన్ని తిరిగి చెప్పే అలవాటు జంటల్లో చాలా అరుదుగా కనిపించింది. కాపురం నిలుస్తుందో లేదో అది ముందుగా సూచించలేదు కూడా. కోపంలో ఉన్న మనిషిని "నువ్వన్నది నాకిలా అర్థమైంది" అనమనడం అతిమానుషమని ఆయన వాదన. సంతోషంగా ఉండే జంటలు మామూలుగా ఇలా మాట్లాడుకుంటారని తాము ఎన్నడూ అనలేదని రెండో పక్షం జవాబు. మామూలు మాట కుదరని రోజు వాడుకోవడానికే ఈ పనిముట్టు అంటారు. డబ్బు విషయంలో మాత్రం రెండో పక్షం మాటే నెగ్గుతుందనిపిస్తుంది. ఎందుకంటే పెళ్ళికి ముందు డబ్బు ముచ్చట కోపంలో మొదలవ్వదు, మొహమాటంలో మొదలవుతుంది. మొహమాటానికి ఒక నియమం, చేతిలో ఒక పెన్ను బాగానే పనిచేస్తాయి. కోపం ఎక్కేశాక మాత్రం గాట్‌మన్ చెప్పిందే సరి. గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటుంటే ఏ పద్ధతీ చెవికెక్కదు. కనీసం 20 నిమిషాలు విడిగా కూర్చుని, గొడవను మనసులో తిరగేసుకోకుండా వేరే పనిలో పడాలి.

ఇదే అరలో అన్నిటికన్నా ఎక్కువమందికి తెలిసింది గ్యారీ చాప్‌మన్ రాసిన 'ది ఫైవ్ లవ్ లాంగ్వేజెస్' (1992). చదవడానికి హాయిగా ఉంటుంది. అయితే ప్రతి మనిషికీ ఒక ప్రధాన 'భాష' ఉంటుందన్న దాని మూల వాదనకు ఆధారాలు బలహీనమని 2024లో వచ్చిన ఒక పరిశోధన సమీక్ష తేల్చింది. డబ్బు నిర్ణయానికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక డబ్బు అర. ఇక్కడి పుస్తకాల్లో సగం పేజీలు ఆయా దేశాల పన్నులు, పింఛను పథకాల గురించే. వేరే చోట ఉన్నవాళ్ళు వాటిని నిశ్చింతగా దాటేయొచ్చు. మిగిలే సగంలో విలువైనది డబ్బు పట్ల స్వభావం గురించిన భాగం. స్కాట్ రిక్ అనే పరిశోధకుడు 2024లో 'టైట్‌వాడ్స్ అండ్ స్పెండ్‌థ్రిఫ్ట్స్' అనే పుస్తకం తెచ్చాడు. పిసినారికీ పొదుపరికీ ఆయన చూపించే తేడా గుర్తుంచుకోదగ్గది. పొదుపరికి దాచుకోవడంలో ఆనందం ఉంటుంది. పిసినారికి ఖర్చుపెట్టడంలో నొప్పి ఉంటుంది, అవసరమైన వస్తువు కొన్నా ఆ నొప్పి తప్పదు. దుబారా మనిషికి ఆ నొప్పి తగినంత ఉండదు. రిక్, స్మాల్, ఫింకెల్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో పిసినారులూ దుబారా మనుషులూ తమకు వ్యతిరేకమైనవాళ్ళనే పెళ్ళాడే ధోరణి కనిపించింది. తమలో తమకు నచ్చని గుణం అవతలి మనిషిలో లేకపోవడం ఆకర్షిస్తుంది. పెళ్ళయ్యాక ఆ తేడా ఎంత పెద్దదైతే డబ్బు మీద గొడవ అంత ఎక్కువ. నిశ్చితార్థం రోజుల్లో "ఎంత ధారాళమో!" అని మురిసిపోయిన గుణమే రెండేళ్ళకి "చేతిలో పైసా నిలవదు" అవుతుంది.

ఖాతాల సంగతికొస్తే, పాతదైనా ఇప్పటికీ పదునుగా ఉన్న పుస్తకం జాన్ పాల్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త రాసిన 'మనీ అండ్ మ్యారేజ్' (1989). ఇది జంటలకు సలహాల పుస్తకం కాదు, ఇళ్ళల్లోకి వెళ్ళి అడిగి రాసిన పరిశోధన. జీతమంతా ఒకరి చేతికిచ్చేసే ఇళ్ళు, ఇంటి ఖర్చుకింత అని ఒకరు ఇచ్చే ఇళ్ళు, అంతా ఒకచోట కలిపే ఇళ్ళు, ఎవరిది వాళ్ళే చూసుకునే ఇళ్ళు అని ఆవిడ వేరుచేసింది. డబ్బు మీద పెత్తనం వేరు, డబ్బు సర్దే పని వేరు అని కూడా చూపించింది. డబ్బు చాలని ఇంట్లో నెలాఖరు దాకా నెట్టుకొచ్చే పని ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి అధికారం ఉందనుకోవడం పొరపాటు. వాళ్ళకి ఉండేది తలనొప్పి. "లెక్కలన్నీ తనే చూసుకుంటుంది" అని గర్వంగా చెప్పే జంట ఒకసారి ఆగి, పెద్ద నిర్ణయం ఎవరిది, చాకిరీ ఎవరిది అని అడిగి చూసుకోవాలి.

అన్నీ కలిపేసుకోవాలా, విడిగా ఉంచుకోవాలా అన్నదాని మీద 2023లో జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్‌లో ఒక ప్రయోగం వచ్చింది. పెళ్ళి కుదిరిన, లేదా కొత్తగా పెళ్ళైన 230 జంటలను చీటీ వేసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఖాతాలు కలపాలి, ఒక గుంపు విడిగా ఉంచాలి, మూడో గుంపు ఇష్టం. రెండేళ్ళ పాటు గమనిస్తే, మొదటి రెండేళ్ళలో బంధం మీద తృప్తి మామూలుగా తగ్గే తీరు విడి ఖాతాల గుంపులో కనిపించింది, కలిపినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. వాళ్ళు 'నేనింత పెట్టాను, నువ్వింత పెట్టావు' అనే లెక్క తక్కువ వేసుకున్నారని పరిశోధకుల వివరణ. గట్టి ఫలితమే. అయితే చీటీ ప్రకారం ఖాతా కలపడానికో విడిగా ఉంచడానికో ఒప్పుకున్న జంటలవి. ఒకరు అప్పు దాచిపెట్టిన చోట, లేక ఒకరు ఇంకొకరిని డబ్బుతో కట్టడి చేసే చోట ఇదే ఫలితం వస్తుందని దీన్నిబట్టి అనుకోకూడదు.

ఇప్పుడు మొదట్లో చూసిన ఆ జంట దగ్గరికి వద్దాం. వాళ్ళిద్దరి నెల సంపాదన కలిపి 100 అనుకుందాం. అతనిది 60, ఆమెది 40. ఆమె చదువుకి తీసుకున్న అప్పు మీద నెలకి 8 కడుతోంది. అతను తల్లిదండ్రులకి నెలకి 6 పంపుతాడు. పెళ్ళయ్యాక ఉమ్మడి ఖర్చు 50 అవుతుందని అంచనా.

మొదటి పని మాట్లాడటం కాదు, రాయడం. ఒకరికొకరు చూపించుకోకుండా చెరో కాగితం మీద సంపాదన, అప్పులు, నిల్వ, ఇతరులకి పంపేది, ఇంకెవరి అప్పుకైనా పెట్టిన హామీ సంతకం రాసుకోవాలి. ఈ చివరిదాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. స్నేహితుడి అప్పుకి పెట్టిన సంతకం ఎవరి ఖాతాలోనూ కనిపించదు, అతను కట్టడం మానేసిన నాడే బయటపడుతుంది. సంఖ్యలు బల్ల మీద లేకుండా వక్త-శ్రోత పద్ధతి మొదలుపెడితే గంటసేపు భావాల గురించి చక్కగా మాట్లాడుకుని, ఏమీ తేలకుండా లేస్తారు.

రెండో పని పెన్ను పట్టుకోవడం. ముందు ఆమె: "చెరి సగం అన్నావు కదా. నాకు భయమేసింది. అప్పు కట్టాక నా చేతిలో ఏమీ మిగలదు. ఇంట్లో ప్రతిదానికీ నిన్ను అడగాల్సి వస్తుందేమో అనిపించింది." అతను తిరిగి చెప్పాలి: "సగం పెడితే నీకు మిగిలేది తక్కువ, చేయి చాచాల్సి వస్తుందని భయం. అంతేనా?" "అంతే. ఇంకోటి, నా అప్పు నా తప్పులా అనిపిస్తుంది." అతనికి ఇక్కడ "ఛ, అలా ఎందుకనుకుంటావు" అని ఓదార్చాలనిపిస్తుంది. ఆ ఓదార్పు ఎంత ప్రేమగా అన్నా అది ఖండనే, ఆమె చెప్పడం అక్కడితో ఆగిపోతుంది. పెన్ను మారాక అతను: "మా ఇంట్లో నాన్న లెక్క ఎవరికీ చెప్పేవాడు కాదు. అమ్మ ప్రతిదానికీ అడుక్కునేది. సగం సగం అంటే అలాంటిది జరగదనుకున్నా." ఆమె భయం, అతని భయం ఒకటే అని ఇక్కడ తేలింది. ఒకే భయం నుంచి ఇద్దరూ చెరో వైపు నడిచారు.

మూడో పని లెక్క. చెరి సగం అయితే ఒక్కొక్కరు 25 పెట్టాలి. ఆమె 40లో 25 పోయి 15, అప్పు 8 పోయి చివరికి 7 మిగులుతుంది. అతనికి 60లో 25, ఇంటికి పంపే 6 పోయి 29. సంపాదనకి తగ్గ వాటా అయితే ఇద్దరూ తమ సంపాదనలో సగం పెడతారు. ఆమె 20 పెట్టి, అప్పు కట్టి 12 మిగుల్చుకుంటుంది. అతను 30 పెట్టి, 6 పంపి 24. చాలా పుస్తకాలు ఈ రెండో దారినే న్యాయమంటూ అక్కడే ఆగిపోతాయి. మూడో దారిలో 100 అంతా ఉమ్మడిలోకి వస్తుంది. అందులోంచి ఖర్చు 50, ఆమె అప్పు 8, అతని తల్లిదండ్రులకి 6 పోతే 36 మిగిలింది. చెరో 10 సొంతానికి, ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేనిది. 16 ఉమ్మడి పొదుపు.

మూడో దారిలో అందరూ జారిపడే చోటు ఒకటుంది. ఉమ్మడిలోకి వచ్చాక ఆ 8, ఆ 6 ఇద్దరి నిర్ణయాలైపోతాయి. ఆమె అప్పు అతనిదీ అయింది, అతని అమ్మానాన్నలకి పంపేది ఆమె కూడా పంపినట్టయింది. దీన్ని పైకి చెప్పుకోకుండా ఖాతా కలిపేస్తే, ఆరు నెలల తర్వాత అతను 6 బదులు 11 పంపిన రోజు గొడవ మొదలవుతుంది. అతని దృష్టిలో అది తన జీతం, ఆమె దృష్టిలో ఉమ్మడి పొదుపులోంచి పోయిన 5. అందుకే ఒప్పందంలో అంకెతో పాటు, అంకె దాటితే ఏం చేయాలో కూడా రాసుకోవాలి. వాళ్ళు రాసుకున్నది ఇదీ: 6 దాకా అడగక్కర్లేదు, దాటితే పంపే ముందు ఫోన్ చేయాలి. అనుమతి కోసం కాదు, పొదుపు అంకె మార్చడానికి.

పద్ధతి బెడిసికొడుతోందని తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. తిరిగి చెప్పేటప్పుడు గొంతులో వెటకారం దొర్లితే అది వినడం కాదు. ఒకరి కాగితం మాత్రం "తర్వాత రాస్తాలే" అని రెండుసార్లు వాయిదా పడితే మెత్తగా మొదలుపెట్టే కిటుకులేవీ పనికిరావు, అక్కడ దాపరికం ఉంది. ముందు అది తేలాలి. ఇక ఒకరు ఇంకొకరి జీతం కార్డు తన దగ్గర పెట్టుకుంటానన్నా, ప్రతి ఖర్చుకీ రసీదు అడిగినా, సొంతానికి ఉంచుకునే ఆ 10 ఎందుకని నిలదీసినా, అది సంభాషణ లోపం కాదు, పెత్తనం. ఈ పుస్తకాలన్నీ ఇద్దరికీ సమాన స్వేచ్ఛ ఉందన్న ఊహ మీద రాసినవి. అది లేని చోట మంచిగా వినడం నేర్చుకున్న మనిషే ఎక్కువ నష్టపోతుంది. అలాంటప్పుడు చదవాల్సింది పుస్తకం కాదు, కలవాల్సింది బయటి మనిషిని, వీలైతే చట్టం తెలిసినవాళ్ళని.

ప్రెప్ పుస్తకంలో పరిష్కారం భాగానికి చివరి మెట్టు తిరిగి చూసుకోవడం. ఏ ఒప్పందమైనా కొన్నాళ్ళకి ప్రయోగంగా పెట్టుకుని, తేదీ ముందే రాసుకుని, ఆ రోజు కూర్చుని సరిచేసుకోవాలి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు, అంతా బాగానే ఉంది కదా అని. మన జంట మూడు నెలలకి తేదీ రాసుకుంది. కూర్చుంటే బయటపడింది, ఏడాదికోసారి కట్టే బీమా మొత్తం 12 ఏ కాగితంలోనూ లేదు. నెలవారీ ఖర్చులే రాశారు కాబట్టి ఇద్దరికీ గుర్తురాలేదు. "నువ్వు రాస్తావనుకున్నా" అని అతను నోరు తెరవబోయి ఆగి, పెన్ను తీసుకున్నాడు. పొదుపు 16 కొట్టేసి 15 అని రాశాడు. పక్కన 'బీమా 1' అని ఆమె కొత్త వరస వేసింది, దాని కింద ఏడాదికోసారి వచ్చే ఖర్చులు ఇంకేమున్నాయో రాయడానికి నాలుగు ఖాళీ గీతలు గీసింది.